38 నిమిషాల యోగా వీడియో నుంచి గోడమీది ఒక్క కాగితం దాకా

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్ బుక్కులు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఇవే రోజూ చేసే పని. పొద్దున్నే అయిదున్నరకి మాత్రం బాలాజీనగర్‌లో ఒక డాబామీద యోగా క్లాసుకి వెళ్తాను. అక్కడ మేం 14 మంది ఆడవాళ్లం. సగం మందికి పైగా యాభై దాటినవాళ్లే.

మా టీచరమ్మ కూతురి కాన్పు కోసం మూడు నెలలు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు వాళ్ల హాల్లో క్లాసు మొత్తం చేసి చూపించి, కొడుకు చేత వీడియో తీయించి మాకు పంపారు. 38 నిమిషాల 40 సెకన్లు. వీడియో బాగుంది, కానీ డాబామీద దాన్ని చూస్తూ ఆసనాలు వేయడం కుదరలేదు. ఫోన్ ఎక్కడ పెట్టినా నలుగురికే కనబడేది. బోర్లా పడుకుంటే ఎవరికీ కనబడదు. మధ్యలో ఎవరిదో కాల్ వస్తే వీడియో ఆగిపోయేది. "నీకు కంప్యూటర్ ఉందిగా అమ్మాయ్, అంతా ఒక కాగితంమీదకి ఎక్కించి ఇవ్వరాదా? ఆసనం పేరు, ఎంతసేపు ఉండాలి, ఆ రెండూ ఉంటే చాలు" అని మా క్లాసులో పెద్దావిడ అడిగారు. టీచరమ్మకి ఫోన్ చేసి అనుమతి అడిగితే సంతోషంగా సరేనన్నారు.

పేరు, సమయం. వినడానికి ఒక సాయంత్రం పనిలాగే ఉంది. నాకు రెండు వారాలు పట్టింది. మొదటి కాగితం తప్పుగా ఇచ్చాను, దానివల్ల ఒకావిడకి నడుం పట్టేసింది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేశానో వివరంగా రాస్తున్నాను. మీ టీచర్ వీడియోని ఇలాగే కాగితంమీద పెట్టాలనుకుంటే అందరూ ముందు తడబడేది అక్కడే.

మొదటి కాగితం

వీడియో చూస్తూ, టీచరమ్మ కొత్త ఆసనం పేరు చెప్పిన ప్రతిచోటా టైమ్ రాసుకున్నాను. మొత్తం 17 పేర్లు వచ్చాయి. నిలబడి చేసేవి తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం. కూర్చుని భద్రాసనం, వజ్రాసనం, శశాంకాసనం, వక్రాసనం. బోర్లా పడుకుని మకరాసనం, భుజంగాసనం, శలభాసనం. వెల్లకిలా సేతుబంధాసనం, ఉత్తానపాదాసనం, అర్ధహలాసనం, పవనముక్తాసనం, చివర శవాసనం. ఒక పేరుకీ తర్వాతి పేరుకీ మధ్య ఉన్న తేడాని ఆ ఆసనంలో ఉండాల్సిన సమయంగా వేసేశాను. ఉత్తానపాదాసనం 24:10కి మొదలైంది, అర్ధహలాసనం 25:20కి మొదలైంది. అంటే 70 సెకన్లు. కాగితంమీద "1 ని. 10 సె." అని ప్రింటు కొట్టి 14 కాపీలు పంచాను.

మర్నాడు డాబామీద పెద్దావిడ రెండు కాళ్లూ కలిపి పైకెత్తి, కాగితంలో ఉన్న సమయం దాకా ఉండాలని పంతంగా పట్టుకున్నారు. ఇరవై అంకెలు దాటాక కాళ్లు వణకడం మొదలైంది. తర్వాత ఒక్కసారిగా దబ్బున వదిలేశారు. "ఏందమ్మాయ్ ఇది, ఇంతసేపు ఎట్టా పెడతాం కాళ్లు? టీచరమ్మ ఉన్నప్పుడు ఎప్పుడూ ఇంతసేపు చేయించలేదే" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ రాలేదు. వాళ్లింటికి వెళ్లి చూస్తే నడుంకి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటున్నారు. తప్పు నాదేనని ఆవిడకి చెప్పాను. పంచిన 14 కాపీలూ వెనక్కి తీసుకుని చించేశాను.

ఆ 70 సెకన్లలో అసలేం జరిగిందో మళ్లీ చూశాను, ఈసారి నిదానంగా. 24:10 నుంచి 24:22 దాకా టీచరమ్మ పడుకుని చేతులు ఎక్కడ పెట్టాలో చెబుతున్నారు. 24:22కి కాళ్లు లేవడం మొదలైంది. 24:26కి ఆగాయి. 24:36కి దించడం మొదలైంది, 24:40కి నేలకి తాకాయి. కాస్త విశ్రాంతి. 24:48కి మళ్లీ లేచాయి, 24:52కి ఆగాయి, 25:02కి దించడం మొదలుపెట్టారు, 25:06కి నేలమీదకి వచ్చాయి. అక్కడి నుంచి 25:20 దాకా మళ్లీ విశ్రాంతే. అంటే కాళ్లు గాల్లో కదలకుండా ఉన్నది పదేసి సెకన్ల చొప్పున రెండుసార్లు మాత్రమే. నేను 70 అని రాసింది నిజానికి 10, 10.

ఆగిన క్షణం, కదిలిన క్షణం

అప్పటి నుంచి ఒక్కో ఆసనానికి మూడు టైమ్‌లు రాసుకోవడం మొదలుపెట్టాను. శరీరం కదలడం మొదలైంది ఎప్పుడు, భంగిమలో కదలకుండా నిలిచింది ఎప్పుడు, దాన్నుంచి బయటికి కదిలింది ఎప్పుడు. రెండో టైమ్ నుంచి మూడో టైమ్ దాకా ఉన్నదే నిలిపే సమయం. మొదటిదాని నుంచి రెండోదాని దాకా ఉన్నది భంగిమలోకి వెళ్లడానికి పట్టే సమయం. అదీ అక్కరకొచ్చేదే, ఎందుకో తర్వాత చెబుతాను.

దీనికి ఫోన్‌లో వేలితో జరుపుతూ చూస్తే కుదరదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ సరిపోయింది. `Shift` పట్టుకుని ఎడమ బాణం నొక్కితే 3 సెకన్లు వెనక్కి వెళ్తుంది. `e` నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకి కదులుతుంది. `Ctrl+T` నొక్కి టైమ్ టైప్ చేస్తే సరిగ్గా అక్కడికే వెళ్తుంది. ముందు మామూలు వేగంతో చూసి సుమారు టైమ్ రాసుకుని, తర్వాత ఆగిన చోటుని, కదిలిన చోటుని వెనక్కీ ముందుకీ వెళ్లి ఖాయం చేసుకున్నాను.

ఒక ముఖ్యమైన మాట. వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, చిన్న వివరాలు మసకైపోతాయి. అందుకని టీచరమ్మ కొడుకుని అడిగి, డాక్యుమెంట్‌గా జతచేసి ఒరిజినల్ ఫైలే పంపించమన్నాను. అది ఎంత పనికొచ్చిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

టైమ్‌లని ఎక్సెల్‌లో వేసేటప్పుడు ఇంకో ఇబ్బంది వచ్చింది. 24:26 అని కొడితే ఎక్సెల్ దాన్ని 24 గంటల 26 నిమిషాలుగా తీసుకుంటుంది. అందుకే ముందు సున్నా గంటలు పెట్టి 0:24:26 అని కొట్టాలి. పేరు `A`లో, కదలడం మొదలైన టైమ్ `B`లో, ఆగినది `C`లో, బయటికి కదిలినది `D`లో పెట్టుకుంటే సెకన్లు ఇలా వస్తాయి:

```
=(D2-C2)*86400
```

రోజుకి 86400 సెకన్లు, ఎక్సెల్ టైమ్‌ని రోజులో భాగంగా దాచుకుంటుంది కాబట్టి ఆ గుణకారం. జవాబు గడిని నంబర్ ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. సున్నా గంటలు మర్చిపోతే 10 రావాల్సిన చోట 600 వస్తుంది. అలా సరిగ్గా 60 రెట్లు పెద్ద సంఖ్య కనబడితే వెనక్కి వెళ్లి టైమ్ సరిచేసుకోవాలి.

గోడ గడియారం చెప్పిన సంగతి

ఈ పద్ధతిలో కొలిచినా శశాంకాసనం దగ్గర లెక్క కుదరలేదు. వజ్రాసనంలో కూర్చుని ముందుకి వంగి, నుదురు నేలకానించి, "ఇక్కడ ఒక నిమిషం ఉందాం" అంటారు టీచరమ్మ. నా కొలత ప్రకారం మాత్రం ఆవిడ 19 సెకన్లకే లేచారు. మాట నమ్మాలా, వీడియో నమ్మాలా?

`e` నొక్కుతూ ఆ 19 సెకన్లనీ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూశాను. ఆవిడ వెనక గోడకి గుండ్రటి గడియారం ఉంది. ఒక ఫ్రేమ్‌లో దాని సెకన్ల ముల్లు 2 అంకెమీద ఉంది. ఆ పక్క ఫ్రేమ్‌లోనే 10మీద ఉంది. నిమిషాల ముల్లు మాత్రం చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. అంటే అక్కడ 40 సెకన్లు కోసేశారు. కనబడే 19కి ఆ 40 కలిపితే 59, టీచరమ్మ చెప్పిన నిమిషమే. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే బయట కోయిల కూత కూడా అక్కడే సగంలో తెగింది. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో ఆ ముల్లు ఒక నల్లటి మరక, అంతే. ఒరిజినల్ ఫైల్ లేకపోతే ఇది దొరికేది కాదు.

కొడుకుని అడిగితే, "కదలకుండా ఉన్నచోట చూసేవాళ్లకి బోర్ కొడుతుందని తగ్గించానక్కా" అన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. వీడియో చూడ్డానికి బాగుండాలని కోసేవాళ్లు ముందు కోసేది కదలిక లేని చోటునే, మనం కొలవాల్సిందీ సరిగ్గా ఆ చోటునే. ఆ తర్వాత వీడియో అంతా గడియారంతో సరిచూశాను. శవాసనంలో ఇంకొక కోత దొరికింది. గడియారం లేని వీడియో అయితే కిటికీ వెలుగు, నీడ, తిరిగే ఫ్యాను, వెనక శబ్దం, వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టుండి ఎగిరిందా అని చూడాలి.

సెకన్లా, అంకెలా, శ్వాసలా

కొలతలు వచ్చేశాయి, ఇక సెకన్లు రాసేస్తే సరిపోతుందనుకున్నాను. వృక్షాసనం దగ్గర మళ్లీ ఆగిపోయాను. టీచరమ్మ ఒంటికాలిమీద నిలబడి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టారు. దానికి 27 సెకన్లు పట్టింది. కాగితంమీద 20 వేయాలా, 27 వేయాలా? భుజంగాసనంలో పది అంకెలకి 13 సెకన్లు. ఉత్తానపాదాసనంలో ఆ పది సెకన్లలో ఎనిమిది అంకెలు. మూడుచోట్లా ఒక్కో అంకెకి సెకను మీద కొంచెం, ఇంచుమించు 1.3. ఆవిడ "ఒకటీ... రెండూ..." అని సాగదీసి లెక్కపెడతారు, ఆ సాగదీతలో మార్పు లేదు.

ఫోన్ చేసి అడిగాను. "నేనెప్పుడూ సెకన్లు చూసుకోనమ్మా, నాది అంకె లెక్కే. మీలో ఒకరు గట్టిగా లెక్కపెడితే మిగతావాళ్లు దాన్ని పట్టుకుంటారు" అన్నారు. మా డాబామీద జరిగేదీ అదే, ఒకరు లెక్కపెడతారు. ఎవరి చేతిలోనూ స్టాప్‌వాచ్ ఉండదు. అందుకని కాగితంమీద "20 అంకెలు" అని వేశాను. అడుగున ఒక్క వాక్యం పెట్టాను: "అంకెని సాగదీసి పలకాలి, ఇరవై అంకెలకి అర నిమిషం కంటే కొంచెం తక్కువ పట్టాలి."

సేతుబంధాసనంలో ఆవిడ అంకెలు లెక్కపెట్టరు, "ఐదు శ్వాసలు" అంటారు. ఆవిడ ఐదు శ్వాసలకి 34 సెకన్లు పట్టింది. నేను అదే చేస్తే 20 సెకన్లలో అయిపోయింది. ఏళ్ల తరబడి అలవాటున్న ఆవిడ శ్వాస పొడుగు, మాది పొట్టి. అక్కడ 34 సెకన్లని రాస్తే, ఊపిరి అందనివాళ్లు గడియారం కోసం బిగబట్టి ఉంటారు. శ్వాసలనే రాస్తే ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్లు దిగుతారు. కాబట్టి టీచర్ ఏ కొలతలో చెబితే కాగితంమీదా అదే కొలత ఉండాలి. సెకన్లలోకి మార్చి చూసుకోవడం నా తనిఖీ కోసమే.

కుడి, ఎడమ

త్రికోణాసనంలో కుడివైపు 31 సెకన్లు, ఎడమవైపు 17 సెకన్లు వచ్చాయి. నా కొలత తప్పేమోనని రెండుసార్లు చూశాను, తప్పు లేదు. కుడివైపు చేసేటప్పుడు మోకాలు వంచొద్దు, చూపు పైచేతిమీద పెట్టండి అని వివరిస్తూ అలాగే ఉండిపోయారు. ఎడమవైపుకి చెప్పేదేం లేదు కాబట్టి త్వరగా లేచారు. వృక్షాసనంలోనూ, వక్రాసనంలోనూ ఇదే తీరు, ముందు చేసిన వైపు ఎప్పుడూ ఎక్కువే. "రెండువైపులా సమానమే, పదిహేను అంకెలు వెయ్" అన్నారు టీచరమ్మ. ఆ మాట అడక్కుండా వీడియోలో ఉన్నదున్నట్టు ఎక్కించి ఉంటే, మేమందరం మూడు నెలలు ఒకవైపు రెట్టింపు చేసేవాళ్లం.

ఏది కుడి అన్న సందేహం కూడా వచ్చింది. టీచరమ్మ "కుడివైపు" అంటూ తన ఎడమ చేతిని కిందికి దించారు. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, అదేమో అనుకున్నాను. కానీ గడియారంమీది అంకెలు తిన్నగానే ఉన్నాయి. అంటే వీడియో తిరగబడలేదు, ఎదురుగా ఉన్న మాకు అద్దంలా ఉండాలని ఆవిడే కావాలని ఎడమ చెయ్యి వాడారు. క్లాసులోనూ అలాగే చేస్తారు. వక్రాసనంలో మాత్రం పక్కకి తిరిగి కూర్చున్నారు కాబట్టి ఆవిడ కుడి నిజమైన కుడే. అందుకని బొమ్మ చూసి కాకుండా నోటితో చెప్పిన మాటనే కాగితంమీద పెట్టాను. వక్రాసనం బొమ్మకి మాత్రం మడిచిన కాలిమీద "కుడి" అని విడిగా రాశాను.

పేర్లు

పేర్ల స్పెల్లింగ్ కోసం ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్లు జూన్ 21 యోగా దినోత్సవానికి ఇచ్చే కామన్ యోగా ప్రొటోకాల్‌ని దగ్గర పెట్టుకున్నాను. టీచరమ్మ క్రమం కూడా చాలావరకు దాన్నే పోలి ఉంటుంది. ఉత్తానపాదాసనమా, ఉత్థానపాదాసనమా అన్న సందేహం అక్కడ తీరింది, తకి ఒత్తు తే. ఉత్తానం అంటే చాచినది అని టీచరమ్మ చెప్పారు. శలభం అంటే మిడత, కాబట్టి సలభాసనం అని రాయకూడదు.

అయితే పేరు ఒక్కటే సరిపోదు. ఉత్తానపాదాసనం అనే పేరుతోనే ఇంకో సంప్రదాయంలో వీపు విల్లులా ఎత్తి, నడినెత్తి నేలకానించి కాళ్లు లేపే కష్టమైన భంగిమ ఉంది. మా వాళ్లు ఎవరైనా ఆ పేరు యూట్యూబ్‌లో వెతికి, అది చూసి ప్రయత్నిస్తే మెడకి ప్రమాదం. అందుకే ప్రతి పేరు కింద నాలుగైదు మాటల్లో ఏం చేయాలో పెట్టాను: "వెల్లకిలా, తల నేలమీదే, రెండు కాళ్లు పైకి."

శవాసనం దగ్గర పెద్దావిడ అభ్యంతరం చెప్పారు. "పొద్దున లేస్తూనే గోడమీద ఆ మాట కనబడొద్దు తల్లీ" అన్నారు. ఆవిడ భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఆ వరసలో పెద్ద అక్షరాలతో "విశ్రాంతి" అని వేసి, శవాసనం అన్న పేరుని కింద వివరణలో చిన్నగా ఉంచాను. టీచరమ్మ కూడా అదే మేలన్నారు.

బొమ్మలు, అక్షరాలు, కాగితం

వీడియోలోంచి ఫొటోలు తీసి పెట్టడం తేలికే, వీఎల్‌సీలో `Shift+S` నొక్కితే ఆ ఫ్రేమ్ బొమ్మగా సేవ్ అవుతుంది. కానీ తన ఫొటోలు ఇంటింటికీ, చేతులు మారుతూ తిరగడం టీచరమ్మకి ఇష్టం లేదు. ఆవిడ మాట సబబే. అందుకని భంగిమ నిలిచిన సమయానికి సరిగ్గా మధ్యనున్న ఫ్రేమ్‌ని తెరమీద పెద్దది చేసి, వెలుగు పూర్తిగా పెంచి, ట్రేసింగ్ పేపర్ ఆనించి పెన్సిల్‌తో గీతలు గీశాను. ముఖం లేదు, బట్టల మడతలు లేవు. తల, వెన్ను, చేతులు, కాళ్లు, నేల గీత, అంతే. నేల గీత తప్పనిసరి. అది లేకపోతే శలభాసనం గాల్లో ఎగురుతున్నట్టుంటుంది, ఏ భాగం నేలకి ఆనిందో తెలియదు. గీసినవాటిని స్కాన్ చేసి పేజీలో పెట్టాను.

గోడకి ఏ4 చాల్లేదు, ఏ3 నిలువుగా తీసుకున్నాను. ఎడమన బొమ్మ, మధ్యలో పేరు 28 పాయింట్లలో, దాని కింద వివరణ 18లో, కుడి చివర అంకె 40లో. ఆరడుగుల దూరం నుంచి కళ్లద్దాలు లేకుండా చూసేవాళ్లు వెతికేది ఆ అంకెనే, పేరు వాళ్లకి ఎలాగూ నోటికి వచ్చు. అక్షరాలకి మండలి యూనికోడ్ ఫాంట్ వాడాను. వర్డ్ ఫైల్‌నే ఇంకో షాపుకి పంపితే అక్కడ ఆ ఫాంట్ లేక అక్షరాలు మారిపోయి పేజీ అంతా జరిగిపోతుంది, కాబట్టి పీడీఎఫ్ చేసే ఇవ్వాలి. ప్రింట్ కొట్టేటప్పుడు `Actual size` పెట్టాలి.

వెల్లకిలా చేసే ఐదూ ఒక పెట్టెలో అడుగున విడిగా పెట్టాను. ఆకాశం చూస్తూ పడుకున్నవాళ్లకి గోడ కనబడదు కదా. పడుకోకముందే ఆ పెట్టె ఒకసారి చదువుకుని పడుకోవాలి. టీచరమ్మ వీడియోలో చెప్పిన జాగ్రత్తలు మాత్రం అడుగున పెట్టలేదు. "బీపీ ఉన్నవాళ్లు పూర్తిగా వంగొద్దు" అన్న మాట పాదహస్తాసనం వరసలోనే ఉంది. ఆవిడ చెప్పని జాగ్రత్త ఒక్కటి కూడా నేను కలపలేదు, ఏ ఆసనం ఏ జబ్బుకి మంచిదన్న మాటలూ వేయలేదు. అవి చెప్పడం నా పని కాదు.

డాబామీద మూడు రోజులు

రెండో కాగితంతో మొదటి రోజు 22 నిమిషాల్లో అంతా అయిపోయింది. వీడియో చూస్తే 38. శవాసనాన్ని పక్కన పెట్టి లెక్కేస్తే, నిలిపే సమయాలన్నీ కలిపి 10 నిమిషాలు కూడా లేవు. మిగతాదంతా భంగిమలోకి వెళ్లడం, దిగడం, మధ్య విశ్రాంతి, టీచరమ్మ మాటలు. మాటలు పోతే పోయాయి కానీ, వాటితోపాటు నెమ్మదితనం కూడా పోయింది. అందరం ఒక ఆసనంలోంచి ఇంకోదాంట్లోకి గబగబా దూకుతున్నాం.

నేను ముందే రాసి పెట్టుకున్న `B` వరస ఇక్కడ పనికొచ్చింది. కాళ్లు లేపడానికి టీచరమ్మకి 4 సెకన్లు పట్టింది, దించడానికి ఇంకో 4. ఉత్తానపాదాసనం వరసలో ఇలా మార్చాను: "లేపడానికి 3 అంకెలు, ఉంచడం 8, దించడానికి 3. 2 సార్లు." నడుంమీద బరువు పడే నాలుగు ఆసనాలకి మాత్రమే ఇలా వేశాను, అన్నిటికీ వేస్తే కాగితం కిక్కిరిసిపోతుంది. భుజంగాసనానికీ శలభాసనానికీ మధ్య "మకరాసనంలో 5 శ్వాసలు" అని బూడిదరంగు సన్నటి వరస కలిపాను. నిలబడినవాటి నుంచి కూర్చునేవాటికి మారేచోట, శలభాసనం తర్వాత వెల్లకిలా తిరిగేచోట అలాంటివే ఇంకో రెండు. మూడో రోజుకి 33 నిమిషాలు పట్టింది. పెద్దావిడ మళ్లీ వచ్చారు. ఉత్తానపాదాసనంలో ఎనిమిది అంకెలు అయ్యాక మూడు అంకెల్లో నిదానంగా కాళ్లు దించారు.

అందరూ లామినేషన్ చేయించమన్నారు. నేను ఆపాను. ఒకటి, పొద్దుటి ఎండ పడితే లామినేషన్ మెరిసి అంకెలు కనబడవు. రెండు, దానిమీద పెన్ను పడదు. టీచరమ్మ వచ్చి చూసేదాకా అది పూర్తయిన కాగితం కాదు.

మూడు నెలల తర్వాత ఆవిడ మనవరాలి ఫొటోలతో వచ్చారు. కాగితం ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివి, పెన్ను అడిగారు. వృక్షాసనం దగ్గర "గోడ పట్టుకోవచ్చు" అని రాశారు. అర్ధహలాసనం వరసలో 10ని కొట్టేసి 6 వేశారు, "వీడియోలో నా అలవాటుకొద్దీ ఉండిపోయాను, మీకు ఇది చాలు" అన్నారు. ఆ రెండూ ఫైల్‌లో మార్చి, ఆవిడ చేత ఇంకోసారి చదివించి, మెరవని మందపాటి కాగితంమీద 14 కాపీలు వేశాను.